7 దగ్గర ఆగిపోయిన కౌంటర్: 0, 3, 5, 6, 2 వరుసకు డి ఫ్లిప్‌ఫ్లాప్ డిజైన్

డిజిటల్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో నేను నాలుగు బెంచీలకు ఒకే పని ఇచ్చాను. 0 తర్వాత 3, తర్వాత 5, 6, 2, మళ్లీ 0. ఇలా తిరిగే కౌంటర్‌ను డి ఫ్లిప్‌ఫ్లాప్‌లతో కట్టాలి. మూడు బెంచీల్లో అది చక్కగా తిరిగింది. నాలుగో బెంచీలో మాత్రం సప్లై ఆన్ చేయగానే మూడు ఎల్‌ఈడీలూ వెలిగి, అలాగే ఉండిపోయాయి.

"మేడం, క్లాక్ ఎల్‌ఈడీ వెలుగుతూ ఆరుతూనే ఉంది. ఇవి మూడూ మాత్రం కదలట్లేదు" అంది ఆ బెంచీ అమ్మాయి. అప్పటికే వాళ్లు 7474 ఐసీ ఒకటి మార్చి చూశారు. బ్రెడ్‌బోర్డ్ మీద తీగలు కూడా ఒకసారి పీకి మళ్లీ గుచ్చారు. ఏం చేసినా అదే తీరు. పక్క బెంచీల సర్క్యూట్‌తో పోల్చితే ఒక్క తీగ కూడా తేడా లేదు.

తప్పు ఆ బెంచీది కాదు. నాలుగు బోర్డుల్లోనూ అదే తప్పు ఉంది. అది కనబడింది మాత్రం ఒక్క బోర్డులోనే. ఆ తప్పు తీగల్లో లేదు, కాగితం మీద వేసిన మ్యాపుల్లో ఉంది. అందుకే డిజైన్‌ను మొదటి నుంచీ చూపిస్తాను.

వరుసలో అతిపెద్ద సంఖ్య 6 కాబట్టి మూడు బిట్లు చాలు. పెద్ద బిట్ A, మధ్యది B, చిన్నది C అనుకుందాం. మూడు బిట్లకు ఎనిమిది స్టేట్లు వస్తాయి, మన వరుసలో ఉన్నవి ఐదే. 1, 4, 7 వరుసలో లేవు. కౌంటర్ ఆ మూడింటిలోకి ఎప్పుడూ వెళ్లదు కదా అన్న లెక్కతో, వాటి తర్వాత ఏం రావాలో చెప్పకుండా X పెట్టి వదిలేస్తాం. పిల్లలు వేసిన స్టేట్ టేబుల్ ఇది.

```
ఇప్పుడు      తర్వాత
A B C       A B C
0 0 0       0 1 1
0 0 1       X X X
0 1 0       0 0 0
0 1 1       1 0 1
1 0 0       X X X
1 0 1       1 1 0
1 1 0       0 1 0
1 1 1       X X X
```

డి ఫ్లిప్‌ఫ్లాప్ తీసుకోవడంలో ఒక సుఖం ఉంది. జేకే అయితే ప్రతి మార్పుకూ J ఎంత, K ఎంత అని ఎక్సైటేషన్ టేబుల్ చూసి ఇంకో పట్టిక రాయాలి. డి ఫ్లిప్‌ఫ్లాప్‌లో క్లాక్ అంచు వచ్చినప్పుడు D మీద ఏది ఉంటే అదే Q అవుతుంది. కాబట్టి "తర్వాత" కింద ఉన్న మూడు నిలువు వరుసలే నేరుగా DA, DB, DC. ఒక్కో నిలువు వరుసను తీసుకెళ్లి కార్నో మ్యాప్‌లో నింపితే అదే నెక్స్ట్ స్టేట్ మ్యాప్. మ్యాప్‌లో ఒక గడిలో కనిపించే అంకె, కౌంటర్ ఆ గడిలో ఉన్నప్పుడు ఆ బిట్ తర్వాత ఏమవుతుందో చెబుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

```
DA      BC=00  01  11  10
A=0        0   X   1   0
A=1        X   1   X   0

DB      BC=00  01  11  10
A=0        1   X   0   0
A=1        X   1   X   1

DC      BC=00  01  11  10
A=0        1   X   1   0
A=1        X   0   X   0
```

మొదటి రెండింటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. DA మ్యాప్‌లో 01, 11 నిలువు గడులు నాలుగూ కలిపితే ఒకే గుంపు, దాని విలువ C. అంటే గేటే అవసరం లేదు, C నుంచి A కి ఒక తీగ లాగితే సరిపోతుంది. DB లో కింది అడ్డువరుస మొత్తం ఒక గుంపు, 00, 01 నిలువు గడులు ఇంకో గుంపు.

```
DA = C
DB = A + B'
```

అసలు విషయమంతా మూడో మ్యాప్‌లో ఉంది. DC లో 1 లు రెండే, 000 లోనూ 011 లోనూ. రెండూ ఒకదాని పక్కన ఒకటి లేవు. ఒక్కోదానికి జతగా ఒక X దొరుకుతుంది. దొరకడం కూడా రెండు రకాలుగా దొరుకుతుంది. 000 ను పక్కనున్న 001 తో కలిపితే A'B', కింద ఉన్న 100 తో కలిపితే B'C'. అలాగే 011 ను 001 తో కలిపితే A'C, 111 తో కలిపితే BC. మొత్తం నాలుగు జవాబులు, నాలుగింటిలోనూ లిటరల్స్ సంఖ్య ఒకటే. పరీక్షలో ఏది రాసినా పూర్తి మార్కులు వేయాల్సిందే.

నాలుగు బెంచీల వాళ్లూ B'C' + BC నే ఎంచుకున్నారు. ఎందుకో ఊహించవచ్చు. అది ఎక్స్‌నార్. చూడ్డానికి అందంగా ఉంటుంది. పైగా ఫ్లిప్‌ఫ్లాప్ నుంచి C' ఎలాగూ వస్తుంది కాబట్టి, 7486 లో ఒక్క ఎక్స్‌ఆర్ గేటుకు B, C' ఇస్తే పని అయిపోతుంది. DB కోసం 7432 లో ఒక ఆర్ గేటు. క్లాసులో బోర్డు మీద చెప్పేటప్పుడు నేను కూడా "ఎక్స్‌నార్ కనబడితే వదలొద్దు" అని చాలాసార్లు అన్నదాన్నే.

ఇప్పుడు నాలుగో బెంచీ దగ్గరికి వెళ్దాం. లాజిక్ ప్రోబ్ తీసుకుని మొదట క్లాక్ చూశాను. 7474 లో పిన్ 3, పిన్ 11 క్లాక్ పిన్నులు. పల్సులు వస్తున్నాయి. తర్వాత D పిన్నులు, అంటే 2, 12. A, B, C మూడింటి D ల మీదా 1 ఉంది. అక్కడే సంగతి తేలిపోయింది. ఫ్లిప్‌ఫ్లాప్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. ప్రతి క్లాక్‌కూ D మీదున్న 1 ని తీసుకుని Q మీద పెడుతోంది. మూడు Q లూ 1 గా ఉన్నప్పుడు గేట్లు లెక్కగట్టి మళ్లీ మూడు D లకూ 1 నే ఇస్తున్నాయి. అది ఆగిపోయిన కౌంటర్ కాదు, 7 నుంచి 7 కి తిరుగుతున్న కౌంటర్.

ఇలాంటి చోట ఐసీ పోయిందా, డిజైన్ పోయిందా అని తెలుసుకోవడానికి ఒక చిన్న పని చేస్తే చాలు. మూడు క్లియర్ పిన్నులనూ ఒక్క క్షణం గ్రౌండ్‌కు తాకించి వదిలాను. ఎల్‌ఈడీలన్నీ ఆరాయి. మరుసటి క్లాక్‌కు 3, తర్వాత 5, 6, 2, 0. అన్నీ సరిగ్గా వచ్చాయి. ఐసీ పాడై ఉంటే ఇలా తిరగదు. ఆ తర్వాత బాగా తిరుగుతున్న బెంచీ ఒకదాని దగ్గరికి వెళ్లి, ప్రీసెట్ పిన్నులు మూడూ గ్రౌండ్‌కు తాకించాను. అంతవరకూ చక్కగా నడిచిన ఆ బోర్డు కూడా 7 దగ్గర ఉండిపోయింది.

మరి ఒక్క బెంచీలోనే ఎందుకు కనబడింది? సప్లై ఆన్ చేసినప్పుడు 7474 ఏ స్టేట్‌లో లేస్తుందో ఎవరూ హామీ ఇవ్వరు. లోపలి రెండు వైపుల గేట్లలో ఏది ముందు లేస్తే అటు వాలుతుంది. ఒక ఐసీకి ఒక వైపు మొగ్గు ఉండవచ్చు, సప్లై ఎంత త్వరగా పైకొచ్చిందన్నదీ తోడవుతుంది. మిగతా మూడు బోర్డులూ వరుసలోని సంఖ్యలోనో, 1 లోనో, 4 లోనో లేచి ఉంటాయి. సిమ్యులేటర్‌లో ఇది దొరకకపోవడానికి కారణం కూడా ఇదే. పిల్లలు ముందురోజు లాజిసిమ్‌లో గీసి చూసుకున్నారు. అందులో ఫ్లిప్‌ఫ్లాప్‌లన్నీ 0 తో మొదలవుతాయి. 0 నుంచి మొదలైన కౌంటర్ 7 లోకి వెళ్లే దారే లేదు.

పిల్లలతో కూర్చుని మళ్లీ కాగితం తీశాం. నేను వాళ్లను అడిగింది ఒకటే. "DC మ్యాప్‌లో 111 గడిలో X ఉంది. సర్క్యూట్ కట్టాక ఆ గడిలో ఏముంది?" కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ అమ్మాయే అంది, "గుంపులో కలిపాం కాబట్టి 1 అయిపోయింది మేడం."

కిటుకంతా అదే. X అన్నది కాగితం మీదే X. గేట్లకు అలాంటిది తెలియదు. మనం గుంపులో కలుపుకున్న ప్రతి X నూ 1 చేసేశాం, వదిలేసిన ప్రతి X నూ 0 చేసేశాం. "ఏదైనా ఫరవాలేదు" అని రాశాం గానీ, గుంపు గీసిన క్షణంలోనే ఏది అన్నది మనమే తేల్చేశాం. DA లో 111 గుంపులో ఉంది, DB లో ఉంది, DC లో BC తీసుకున్నందువల్ల అక్కడా ఉంది. 111 గడిలో మూడు మ్యాపులూ 111 అంటున్నాయి. అంటే 7 తర్వాత 7. విడివిడిగా చూస్తే మూడు మ్యాపుల్లోనూ ఏ తప్పూ లేదు. ఒకే గడిని మూడు మ్యాపుల్లో కలిపి చూసినప్పుడే తప్పు కనబడుతుంది.

అందుకని ఎక్స్‌నార్ డిజైన్‌తో X వరుసలను మళ్లీ నింపాం. 001 లో DA = 1, DB = 1, DC = 0, కాబట్టి 1 తర్వాత 6. 100 లో 0, 1, 1, కాబట్టి 4 తర్వాత 3. ఈ రెండూ వరుసలోకి వచ్చేస్తున్నాయి. చిక్కంతా ఒక్క 7 తోనే.

దీన్ని సరిచేయడానికి పిల్లల నుంచి మొదట వచ్చిన ఆలోచన రీసెట్. ఆన్ చేయగానే క్లియర్ పిన్నులకు ఒక పల్స్ ఇస్తే 0 నుంచి మొదలవుతుంది. అది మంచిదే, చాలాచోట్ల పెట్టాల్సిందే. కానీ అది కాపాడేది ఆన్ చేసిన ఆ ఒక్క క్షణాన్నే. నడుస్తున్న మధ్యలో పక్కన సోల్డరింగ్ ఐరన్ స్విచ్ వేసినప్పుడో, మోటార్ ఆగినప్పుడో సప్లై మీద ఒక కుదుపు వచ్చి రెండు బిట్లు తారుమారైతే కౌంటర్ మళ్లీ 7 లో పడవచ్చు. అప్పుడు ఎవరో వచ్చి రీసెట్ నొక్కేదాకా అక్కడే ఉంటుంది.

రెండో ఆలోచన, X లు తీసేసి 1, 4, 7 మూడింటి తర్వాతా 0 అని రాయడం. ఏ అనుమానమూ లేని పద్ధతి ఇది. ఖర్చు చూద్దామని మ్యాపులు వేశాం. DB లో మూడు 1 లు మిగిలాయి, ఒకదాని పక్కన ఒకటి లేవు, ఏదీ ఏదీ కలవదు.

```
DA = A'BC + AB'C
DB = A'B'C' + AB'C + ABC'
DC = A'B'C' + A'BC
```

మూడు ఇన్‌పుట్ల టర్ములు నాలుగు, వాటిని కలిపే గేట్లు మూడు. నాండ్‌లతో కట్టాలంటే 7410 లు రెండు, 7400 ఒకటి పడుతుంది. ఇంతకుముందు A కి ఒక్క తీగతో అయిపోయిన పనికి ఇప్పుడు గేట్లు కావాలి.

మూడో దారి, DC లో గుంపు మార్చడం. 011 ను 111 తో కాకుండా 001 తో కలిపితే చాలు, 111 గడిలో DC 0 అయిపోతుంది. 000 ను కూడా 001 తోనే కలిపాం.

```
DC = A'B' + A'C = A'(B' + C)
```

ఇప్పుడు 7 లో DA = 1, DB = 1, DC = 0, అంటే 7 తర్వాత 6. 4 లో 0, 1, 0, అంటే 4 తర్వాత 2. 1 లో మూడూ 1, అంటే 1 తర్వాత 7, దాని తర్వాత 6. ఎక్కడ లేచినా ఎక్కువలో ఎక్కువ రెండు క్లాకుల్లో వరుసలోకి వచ్చేస్తుంది. ఎక్స్‌నార్ డిజైన్‌లో 1 నేరుగా 6 కి వెళ్లేది, ఇప్పుడు 7 మీదుగా వెళ్తోంది. దారి కాస్త పెరిగినా ఎక్కడా ఇరుక్కోవడం లేదు.

ఇంకో మంచి సంగతి గేట్లు లెక్కపెట్టాక తెలిసింది. A + B' అంటే A', B లను నాండ్ చేయడమే. B' + C అంటే B, C' లను నాండ్ చేయడమే. దాన్ని A' తో నాండ్ చేసి, ఇంకో నాండ్‌తో తిప్పేస్తే DC వచ్చేస్తుంది. మొత్తం నాలుగు నాండ్‌లు, అంటే సరిగ్గా ఒక్క 7400. అందంగా ఉందని ఎంచుకున్న ఎక్స్‌నార్ డిజైన్‌కు 7486 ఒకటి, 7432 ఒకటి పట్టాయి. ఇరుక్కోని డిజైన్‌కు ఒక ఐసీ తగ్గింది. ప్రతి కౌంటర్‌కూ ఇలా కలిసిరాదు. కొన్ని వరుసలకు గుంపు మారిస్తే గేట్లు పెరుగుతాయి, కొన్నిటికి మార్చడానికి వేరే గుంపే దొరకదు. అప్పుడు ఇరుక్కునే ఒక్క స్టేట్‌కు మాత్రం X తీసేసి తర్వాతి స్టేట్ మనమే రాసి, మిగతా X లు అలాగే ఉంచుకోవాలి.

వైరింగ్ ఇలా చేశాం. మొదటి 7474, అంటే U1 లో A, B, రెండోది U2 లో C. U3 అన్నది 7400.

```
U1-2  (DA) <- U2-5 (C)
U3: 1=U1-6 (A'), 2=U1-9 (B)    -> 3  -> U1-12 (DB)
U3: 4=U1-9 (B),  5=U2-6 (C')   -> 6
U3: 9=U1-6 (A'), 10=U3-6       -> 8
U3: 12,13=U3-8                 -> 11 -> U2-2 (DC)
```

క్లాక్ మూడు ఫ్లిప్‌ఫ్లాప్‌లకూ ఒకే తీగ నుంచి వెళ్లాలి. దాన్ని 555 తో, 10 కిలో ఓమ్, 68 కిలో ఓమ్, 10 మైక్రోఫారడ్ పెట్టి సుమారు సెకనుకు ఒకటి వచ్చేలా చేశాం. ఎల్‌ఈడీలను Q నుంచి గ్రౌండ్‌కు కట్టొద్దని ముందే చెప్పాను. ఎల్‌ఎస్ రకం ఐసీ 1 ఇచ్చేటప్పుడు బయటికి ఇవ్వగల కరెంట్ చాలా తక్కువ. ఎల్‌ఈడీ లాగితే 1 వోల్టేజ్ కిందికి జారి పక్క గేట్ దాన్ని తప్పుగా చదివే ప్రమాదం ఉంది. 0 ఇచ్చేటప్పుడు మాత్రం 8 మిల్లీఆంపియర్ల దాకా లోపలికి తీసుకోగలదు. అందుకని 5 వోల్టుల నుంచి 470 ఓమ్ మీదుగా ఎల్‌ఈడీని Q' కి కట్టాం. Q' 0 అయితే, అంటే Q 1 అయితే, వెలుగుతుంది.

ప్రీసెట్, క్లియర్ పిన్నులను గాల్లో వదలకుండా ఒక్కోదాన్నీ 1 కిలో ఓమ్ మీదుగా 5 వోల్టులకు కట్టాం. గాల్లో వదిలినా టీటీఎల్ వాటిని 1 గానే చూస్తుంది, కానీ చెయ్యి దగ్గరికి తెచ్చినా, పక్క తీగలో పల్స్ వచ్చినా చలించిపోతుంది. రెసిస్టర్ పెట్టడం వల్ల ఇంకో లాభం, టెస్ట్ చేసేటప్పుడు ఆ పిన్నును తీగతో గ్రౌండ్‌కు తాకించినా సప్లై షార్ట్ అవ్వదు.

ఆ టెస్ట్ చేయనిదే బోర్డు అయిపోయిందని నేను సంతకం పెట్టను. క్లాక్ ఆపాలి. వరుసలో లేని మూడు స్టేట్లలోకీ ఒక్కోసారి చేత్తో నెట్టాలి, ఒక్కో క్లాక్ ఇస్తూ ఎటు వెళ్తోందో రాసుకోవాలి. 4 కావాలంటే A ప్రీసెట్, B, C క్లియర్. ఒకే ఫ్లిప్‌ఫ్లాప్‌కు ప్రీసెట్, క్లియర్ రెండూ ఒకేసారి గ్రౌండ్ చేయకూడదు, అప్పుడు Q, Q' రెండూ 1 అయి, వదిలాక ఏదవుతుందో చెప్పలేం.

ఈ టెస్ట్‌లో నాలుగో బెంచీకి ఇంకో గండం ఎదురైంది. ఒక్కో క్లాక్ ఇవ్వడానికి 555 తీసేసి పుష్ బటన్ పెట్టారు. ముందు వరుస సరిచూద్దామని 0 నుంచి నొక్కితే 5 వచ్చింది. ఇంకోసారి నొక్కితే 2, తర్వాత 3. "మళ్లీ మ్యాప్ తప్పిందా మేడం" అంటూ ఆ అమ్మాయి టెన్షన్ పడిపోయింది. వచ్చిన సంఖ్యలను వరుసలో పెట్టి చూడమన్నాను. 0, 5, 2, 3, అంటే ప్రతిసారీ ఒకటి దాటేసి రెండోదానికి వెళ్తోంది. అన్నీ వరుసలోని సంఖ్యలే, 1 గానీ 4 గానీ 7 గానీ రాలేదు. లాజిక్ తప్పితే ఒక ఖచ్చితమైన చోట, ప్రతిసారీ అదే చోట తప్పుతుంది. ఇది బటన్ బౌన్స్. ఒక్క నొక్కుకు బటన్ లోపలి రేకు రెండుసార్లు తగిలి రెండు క్లాకులు వెళ్తున్నాయి. 0, 1, 2 అని వరుసగా లెక్కపెట్టే కౌంటర్‌లో ఒకటి దాటేస్తే వెంటనే బౌన్స్ అని గుర్తుపడతాం. ఇలాంటి వంకర వరుసలో అది డిజైన్ తప్పులాగే కనబడుతుంది. ఇంకో 7400 తెచ్చి, రెండు నాండ్‌లతో లాచ్ కట్టి, రెండు వైపులకు మారే స్విచ్ పెట్టాక నొక్కుకు ఒక్క అడుగే పడింది.

ఈ డిజైన్‌కు హద్దు ఎక్కడో కూడా వాళ్లకు చెప్పాను. ఎల్‌ఈడీల వరుసకైతే రెండు క్లాకుల పాటు తప్పు సంఖ్య కనబడినా నష్టం లేదు. ఇవే మూడు బిట్లు రిలేలనో మోటార్ వైండింగ్‌లనో నడుపుతుంటే, ఒక్క క్లాక్ సేపు 7 వచ్చినా మూడూ ఒకేసారి ఆన్ అయిపోతాయి. అక్కడ తనంతట తాను తేరుకుంటుంది కదా అని ఊరుకోకూడదు. 1, 4, 7 లను గుర్తుపట్టి అవుట్‌పుట్‌ను ఆపే గేట్ వేరే పెట్టాలి, పవర్ ఆన్ రీసెట్ కూడా ఉండాలి. ఇంకోటి, ఈ కౌంటర్ 7 నుంచి 6 లోకి, 4 నుంచి 2 లోకి వస్తుంది, 0 లోకి కాదు. మొదలు ఎప్పుడూ 0 నుంచే కావాలంటే రీసెట్ తప్పదు.

చివరికి ప్రీసెట్, క్లియర్ తీగలతో మూడు స్టేట్లనూ ఒక్కొక్కటిగా పెట్టి చూశాం. 4 పెట్టి ఒక క్లాక్ ఇస్తే 2 వచ్చింది, తర్వాత 0. 7 పెడితే 6, తర్వాత 2. 1 పెట్టినప్పుడు మూడు ఎల్‌ఈడీలూ ఒక్కసారిగా వెలిగేసరికి ఆ అమ్మాయి చెయ్యి స్విచ్ మీదే ఆగిపోయింది. కాగితం వైపు చూసింది, 001 పక్కన తానే రాసుకున్న 111 ఉంది. ఇంకో క్లాక్ ఇచ్చింది. C ఎల్‌ఈడీ ఆరి 6 వచ్చింది. అప్పుడు రికార్డు తీసి, స్టేట్ టేబుల్‌లో X లు ఉన్న మూడు వరుసల పక్కన 111, 010, 110 అని పెన్నుతో రాసుకుంది.